నూటికి నూటారు ఇచ్చే బాయిలర్

కొన్ని గ్యాస్ బాయిలర్ల కాగితాల మీద సామర్థ్యం 106 శాతం అని ఉంటుంది, కాల్చిన గ్యాస్‌లో ఉన్నదానికన్నా ఎక్కువ వేడి వస్తుందన్నట్టు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే మంటలో పుట్టే నీళ్ల దగ్గర మొదలుపెట్టాలి. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ ఒకటి పూర్తిగా మండితే దాదాపు 30 లీటర్ల నీళ్లు పుడతాయి. గ్యాస్‌లో ఉన్న హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ప్రొపేన్ అయితే కిలోకి సుమారు 1.64 కిలోల నీరు, బ్యూటేన్ అయితే 1.55. రెండూ కలిసిన మన ఎల్‌పీజీకి 1.6 అనుకుంటే సరిపోతుంది. ఇన్ని నీళ్లూ ఆవిరి రూపంలో పొగగొట్టం గుండా పైకి పోతాయి కాబట్టి మన కంట పడవు.

పోతూ పోతూ వేడిని కూడా పట్టుకుపోతాయి. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు ఆవిరి తగిలితే చెయ్యి అంతగా కాలడానికి కారణం ఆ వేడే. ఆవిరి చర్మం మీద నీరుగా మారుతూ తనలో దాచుకున్నదంతా అక్కడే వదిలేస్తుంది. 25 డిగ్రీల దగ్గర లెక్కిస్తే కిలో ఆవిరిలో ఇలా దాగి ఉండేది సుమారు 583 కిలో క్యాలరీలు. అంటే కిలో ఎల్‌పీజీ కాల్చినప్పుడు 1.6 కిలోల ఆవిరితో పాటు 930 కిలో క్యాలరీలు పొగలో కలిసి పోతున్నాయన్న మాట.

ఇంధనం విలువను రెండు రకాలుగా చెప్పడానికి మూలం ఇక్కడే ఉంది. ఆ ఆవిరి మొత్తం నీరైపోయి వేడి తిరిగి ఇచ్చేసిందనుకుని లెక్కిస్తే వచ్చేది గ్రాస్ విలువ. ఎల్‌పీజీకి అది కిలోకి సుమారు 11,900 కిలో క్యాలరీలు. ఆవిరి ఆవిరిగానే పోతుంది, ఆ వేడి మనది కాదు అనుకుంటే మిగిలేది నెట్ విలువ, సుమారు 10,970. గ్యాస్ అదే, మంట అదే. ఆవిరిలోని వేడిని లెక్కలో వేసుకున్నామా, వదిలేశామా అన్నదే తేడా.

పాత బాయిలర్లలో పొగ 150 డిగ్రీలకు పైనే బయటికి పోయేది. ఆవిరిని చల్లార్చి నీరు చేయాలని ఎవరూ అనుకోలేదు. చల్లారిస్తే బొగ్గు పొగలోని గంధకం ఆమ్లంగా మారి ఇనుమును తినేసేది కూడా. అందుకే యూరప్‌లో ఎలాగూ దక్కని వేడిని లెక్కలోంచి తీసేసి, నెట్ విలువ మీదే సామర్థ్యం చెప్పడం అలవాటైంది. తర్వాత కండెన్సింగ్ బాయిలర్ వచ్చింది. అందులో ఇంకో ఉష్ణ మార్పిడి గొట్టం ఉంటుంది. చల్లటి నీళ్లు ముందుగా దాని గుండా వెళ్తూ పొగను 35, 40 డిగ్రీల దాకా దించేస్తాయి. ఆవిరి అక్కడ నీరై, దాచుకున్న వేడిని ఆ నీళ్లకే ఇస్తుంది. లెక్కలో లేని రాబడి చేతికి వచ్చింది, భాగించే అంకె మాత్రం పాతదే ఉండిపోయింది. 106 శాతం అలా పుట్టుకొచ్చింది.

ఎల్‌పీజీ మీద నెట్ లెక్కలో ఎంత గొప్ప బాయిలరైనా 108.5 దాటలేదు, ఎందుకంటే 11,900ని 10,970తో భాగిస్తే వచ్చేది అంతే. మీథేన్‌కు ఆ హద్దు 111. గ్రాస్ లెక్కలో చూస్తే 106 కాస్తా 97.7 అవుతుంది. శక్తి నిత్యత్వ సూత్రానికి ఎక్కడా భంగం లేదు.

తిరుపతిలో ఒక యాత్రికుల లాడ్జిని ఊహించండి. తెల్లవారుజామున దర్శనానికి వెళ్లేవాళ్లు రెండింటికే స్నానాలు మొదలుపెడతారు. రోజుకు 5,000 లీటర్ల నీళ్లను 25 నుంచి 60 డిగ్రీలకు వేడి చేయాలి. కావాల్సిన వేడి 5,000 × 35, అంటే 1,75,000 కిలో క్యాలరీలు. పాత బాయిలర్ గ్రాస్ మీద 81 శాతం ఇస్తుంటే సుమారు 18.15 కిలోల గ్యాస్ పడుతుంది, దాదాపు ఒక సిలిండర్. కొత్త కండెన్సింగ్ బాయిలర్ నిజంగానే 106 ఇస్తే సుమారు 15.05 కిలోలు చాలు. మిగిలింది 3.1 కిలోలు, అంటే 17 శాతం.

మోసపోయేది ఈ పోలికలోనే. మన దేశంలో ఎనర్జీ ఆడిట్ లెక్కలు సాధారణంగా గ్రాస్ మీద వేస్తారు. దిగుమతి బాయిలర్ కాగితాల మీద అంకె చాలాసార్లు నెట్ మీద ఉంటుంది. ఆడిట్ చెప్పిన 81ని, కాగితం చెప్పిన 106ని పక్కపక్కన పెడితే గ్యాస్ 24 శాతం తగ్గుతుందని తేలుతుంది. అది జరగదు. 81ని కూడా నెట్‌కి మారిస్తే 88 అవుతుంది, అప్పుడు 88కీ 106కీ మధ్య పోలిక సరైనది. కొటేషన్ చేతికి రాగానే అడగాల్సిన మొదటి మాట: ఈ శాతం గ్రాస్ మీదా, నెట్ మీదా? రెండో మాట: బాయిలర్‌లోకి తిరిగొచ్చే రిటర్న్ నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఈ శాతం కొలిచారు?

ఈ రెండో మాట మొదటిదానికన్నా ముఖ్యమని మా అభిప్రాయం. ఎల్‌పీజీ పొగలో ఆవిరి నీరవడం మొదలయ్యేది సుమారు 52 నుంచి 54 డిగ్రీల దగ్గర. బర్నర్‌కు గాలి మరీ ఎక్కువ ఇస్తే ఆవిరి పలచబడి ఆ హద్దు ఇంకా కిందికి, 50 దగ్గరికి జారుతుంది. బాయిలర్‌లోకి వచ్చే నీళ్లు ఇంతకన్నా వేడిగా ఉంటే చుక్క కూడా పడదు. లాడ్జిల్లో ప్రతి అంతస్తుకూ వేడినీళ్లు వెంటనే అందాలని పంపుతో తిప్పుతూ ఉంటారు. చుట్టూ తిరిగి 55 డిగ్రీలతో వెనక్కి వచ్చే ఆ నీళ్లను నేరుగా బాయిలర్‌కు కలిపేస్తే కొన్న 106 బదులు నెట్ మీద 97 దగ్గర ఆగిపోతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే చల్లటి నీళ్లు ముందుగా బాయిలర్‌లోకి వెళ్లాలి, తిరిగొచ్చే వేడినీళ్లు స్టోరేజ్ ట్యాంకు పైభాగానికి చేరాలి. బాయిలర్‌కు నీళ్లు లాగే పైపు ట్యాంకు అడుగున ఉండాలి. ట్యాంకులో నీళ్లను కలియబెట్టేంత పెద్ద పంపు పెడితే ఈ ఏర్పాటంతా వృథా.

సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక బకెట్, ఒక తూకం చాలు. సిలిండర్‌ను తూకం మీద పెట్టి గంటలో ఎంత గ్యాస్ తగ్గిందో చూడండి. అదే గంటలో బాయిలర్ డ్రెయిన్ గొట్టం నుంచి పడిన నీళ్లను బకెట్‌లో పట్టండి. 3 కిలోలు కాలితే పుట్టే నీళ్లు 4.8 లీటర్లు. బకెట్‌లో 4 లీటర్ల దాకా ఉంటే బాయిలర్ తన పేరు నిలబెట్టుకున్నట్టే. ఒక లీటరే ఉంటే ఐదో వంతు ఆవిరి మాత్రమే చిక్కింది. రిటర్న్ పైపు మీద చెయ్యి పెట్టి చూస్తే కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది. పైపు చల్లగానే ఉన్నా నీళ్లు తక్కువగా పడుతుంటే బర్నర్ గాలిని, గొట్టాల లోపల బోరు నీళ్లు పేర్చిన సున్నాన్ని చూడాలి.

చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో ఉండేవి స్టీమ్ బాయిలర్లు. అక్కడ లోపలి నీళ్లే 100 డిగ్రీలకు పైన ఉంటాయి కాబట్టి బాయిలర్ తనంతట తాను ఆవిరిని నీరు చేయలేదు. పొగ దారిలో విడిగా ఎకనమైజర్ అనే ఉష్ణ మార్పిడి గొట్టాల వరస పెట్టి, కాయలు కడిగే నీళ్లనో, కొత్తగా పోసే మేకప్ నీళ్లనో అందులో వేడి చేసుకుంటే గ్యాస్ కాల్చే చోట కొంత దక్కుతుంది.

బకెట్‌లో పట్టిన నీళ్లు తేటగా ఉన్నా తాగేవి కావు, మొక్కలకు పోసేవీ కావు. కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు కరగడం వల్ల వాటి పీహెచ్ 3 నుంచి 5 మధ్య ఉంటుంది. పాత ఇనుప పొగగొట్టం, సిమెంటు కాలువ ఈ నీళ్లకు తట్టుకోలేవు. గొట్టం స్టెయిన్‌లెస్ స్టీలుదో పాలీప్రొపిలీన్‌దో ఉండాలి, బాయిలర్ వైపుకు కొంచెం వాలుగా ఉండాలి. డ్రెయిన్‌కు ముందు పాలరాయి ముక్కలు నింపిన డబ్బా ఒకటి పెడితే ఆమ్లం అక్కడే విరిగిపోతుంది. ముక్కలు కరిగి తగ్గిపోతుంటాయి కాబట్టి ఏడాదికోసారి మళ్లీ నింపాలి.