రెండు మ్యాచ్‌ల మధ్య డబ్బాలో ఏముండాలి?

బ్యాడ్మింటన్ ఆడే హాలులో ఫ్యాన్లు వేయరు. గాలి తగిలితే షటిల్ దారి తప్పుతుంది. ఎండాకాలం విజయవాడలో అలాంటి హాలులో మూడు ఆటలు ఆడిన పిల్లల చొక్కా పిండితే నీళ్లు కారతాయి. మధ్యాహ్నం మ్యాచ్‌లో కాళ్లు కదలని పిల్లను చూసి పెద్దవాళ్లు "పొద్దున సరిగా తినలేదు" అంటారు. తక్కువ తినడం కన్నా, తినకూడని వేళ తినడమే చాలాసార్లు ఆ పని చేస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరు నుంచి వచ్చిన పదిహేనేళ్ల అమ్మాయి, బరువు 50 కిలోలు. మ్యాచ్‌లు ఉదయం 9కి, 11.30కి, మధ్యాహ్నం 3.30కి.

మన శరీరం పిండిపదార్థాన్ని గ్లైకోజెన్‌గా మార్చి కండరాల్లోనూ కాలేయంలోనూ దాచుకుంటుంది. రాత్రి మనం నిద్రపోతున్నా మెదడు పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి, తెల్లవారేసరికి కాలేయంలోని నిల్వ చాలావరకు ఖర్చవుతుంది. దాన్ని నింపడమే ఉదయం టిఫిన్ పని. మూడు గంటల ముందు తినేటట్లయితే కిలో బరువుకు ఒకటి నుంచి రెండు గ్రాముల పిండిపదార్థం సరిపోతుంది. ఇంట్లో వేసే మోస్తరు ఇడ్లీలో అది సుమారు 10 గ్రాములు, అరటిపండులో 25 వరకు ఉంటుంది. అంటే ఆరు గంటలకు ఐదు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు. కారం లేని టిఫిన్‌ను మా గుంటూరులో జ్వరం వచ్చినవాళ్ల తిండిగా చూస్తారు, అయినా ఆ ఒక్క పూట కారప్పొడిని, నెయ్యిని పక్కన పెట్టాలి. నూనె పదార్థాలు పొట్టలోంచి నెమ్మదిగా కదులుతాయి. నెయ్యి పోసిన పెసరట్టు ఉప్మా మామూలు రోజుల్లో చక్కటి తిండే, కానీ ఆట మొదలయ్యేసరికి అది ఇంకా పొట్టలోనే ఉంటుంది. తేన్పులు, డొక్కలో పోటు దానికి గుర్తులు.

మ్యాచ్ నడుస్తుండగా తినడానికి వీలుండదు, తాగడానికే. పదకొండో పాయింటు దగ్గర ఒక నిమిషం, గేముకూ గేముకూ మధ్య రెండు నిమిషాలు విరామం ఉంటుంది. లీటరు నీళ్లలో పన్నెండు టీస్పూన్ల చక్కెర, పావు టీస్పూను ఉప్పు, ఒక నిమ్మకాయ పిండి, ప్రతి విరామంలో రెండు మూడు గుక్కలు తాగిస్తే సరి. ఇంతకంటే తియ్యగా కలిపితే పేగులు ఒంట్లోని నీటిని తమలోకి లాక్కుంటాయి, కడుపు ఉబ్బుతుంది. సీసాల్లో అమ్మే కూల్ డ్రింకులతో వచ్చే చిక్కు కూడా ఇదే. ఓఆర్‌ఎస్ పొడి కలపాలనుకుంటే ప్యాకెట్ మీద ఎంత నీరని రాసి ఉంటే అంతే పోయాలి, సగం గ్లాసులో కలిపి ఇవ్వకూడదు.

అసలు కిటుకు విరామాల్లో ఉంది. ఆడిన వెంటనే కండరం రక్తంలోని చక్కెరను మామూలుకంటే వేగంగా లోపలికి తీసుకుంటుంది. అయినా కండరాల నిల్వ గంటకు ఐదు శాతం మించి నిండదు, పూర్తిగా నిండాలంటే ఒక రోజు పడుతుంది. కాబట్టి ఆ రోజు మన ప్రయత్నమంతా తరుగుదలను తగ్గించడానికే. 9.45కి మొదటి మ్యాచ్ ముగిస్తే, పదింటిలోపు రెండు అరటిపండ్లు, లేదా జామ్ రాసిన మూడు బ్రెడ్డు ముక్కలు తినాలి. చివరి అరగంట నీళ్లు తప్ప మరేమీ వద్దు. డబ్బాలో తెచ్చిన పులిహోర అప్పుడు తీయకూడదు.

రెండో మ్యాచ్ 12.15కి ముగిస్తే చేతిలో మూడు గంటల పావు ఉంది. అప్పుడే పెరుగన్నం. ఒక కప్పు అన్నంలో 40 గ్రాముల పైచిలుకు పిండిపదార్థం ఉంటుంది, కప్పున్నర చాలు, పచ్చిమిర్చి తాలింపు వద్దు. పక్కన ఒక ఉడికించిన గుడ్డు పెట్టవచ్చు. హాలు బయట ఘుమఘుమలాడే బిర్యానీ జోలికి మాత్రం వెళ్లకూడదు. షెడ్యూలు జారి 3.30 మ్యాచ్ 4.30 అయిందని తెలిస్తే, మూడున్నరకు ఇంకొక అరటిపండు ఇస్తే చాలు, మళ్లీ భోజనం అక్కరలేదు.

నీళ్ల లెక్కకు తూకం మిషను ఉత్తమం. చెమట తుడుచుకుని ఆటకు ముందూ తర్వాతా తూగితే, తగ్గిన ప్రతి కిలో దాదాపు లీటరు నీరు. తర్వాతి రెండు మూడు గంటల్లో దానికి ఒకటింబావు లీటరు, ఉప్పు వేసిన మజ్జిగ కలుపుకుని, కొద్దికొద్దిగా తాగాలి. బరువు పెరిగిందంటే అవసరానికి మించి తాగినట్లు, అది కూడా ప్రమాదమే. మధుమేహం ఉన్న పిల్లలకు ఈ లెక్కలు వర్తించవు, వాళ్ల డాక్టరు చెప్పినదే పాటించాలి.

ఈ డబ్బానంతా ముందుగా ప్రాక్టీసు రోజున ఒకసారి పెట్టి చూడాలి, పడని తిండి ఏదో టోర్నమెంటు రోజున తెలియకూడదు. చివరి మ్యాచ్ అయ్యాక దెబ్బతిన్న కండరాలకు ప్రోటీన్ కావాలి, 15 నుంచి 20 గ్రాములు: ఒక గ్లాసు పాలు, రెండు గుడ్లు. ఇక గుంటూరు బస్సెక్కే ముందు ఆ బిర్యానీ కూడా తినవచ్చు.