చివరి క్లిక్‌కే మొత్తం క్రెడిట్ ఎలా దక్కింది?

వీడియో ప్రకటనల ప్రచారం ఆపేస్తే మొదటి వారం రిపోర్టులో ఏమీ మారదు. తర్వాత మెల్లగా బ్రాండ్ పేరుతో వెతికేవాళ్లు తగ్గుతారు. అప్పుడు చాలామంది సెర్చ్ ప్రకటనలనే అనుమానిస్తారు. ఈ పొరపాటుకు మూలం చాలా పాతది.

1994లో హాట్‌వైర్డ్ సైట్‌లో బ్యానర్ ప్రకటనలు మొదలైనప్పుడు తేలిగ్గా లెక్కపెట్టగలిగింది క్లిక్‌నే. కొనుగోలుకు ముందు పడిన ఆఖరి క్లిక్‌కే మొత్తం క్రెడిట్ ఇవ్వడం అలా అలవాటైంది. అది సౌలభ్యం కోసం పుట్టిన పద్ధతి, కొలత కాదు.

తర్వాత క్రెడిట్‌ను పంచే మోడళ్లు వచ్చాయి. ఒకరు వీడియో ద్వారా వచ్చి, వారం తర్వాత డిస్‌ప్లే ప్రకటన నొక్కి, మరో వారానికి సెర్చ్ ద్వారా వచ్చి అదే రోజు కొన్నారనుకుందాం. లాస్ట్ క్లిక్‌లో సెర్చ్‌కే 100 శాతం. లీనియర్‌లో మూడింటికీ సమానం. పొజిషన్ బేస్డ్‌లో 40, 20, 40. 7 రోజులకోసారి విలువ సగమయ్యే టైమ్ డికేలో వీడియోకు సుమారు 14, డిస్‌ప్లేకు 29, సెర్చ్‌కు 57. కొనుగోలు ఒకటే, వాటాలు మాత్రం ఎవరి రూలు వాళ్లది! నిజం చెప్పాలంటే ఆ 40కి ఆధారం ఏమిటని అడిగితే జవాబు లేదు.

అందుకే కొన్నవాళ్ల దారులనూ కొననివాళ్ల దారులనూ పోల్చే డేటా డ్రివెన్ మోడల్ ముందుకొచ్చింది. 2023లో గూగుల్ యాడ్స్ మిగతా రూల్ మోడళ్లను తీసేసింది. ఇప్పుడు అక్కడ ఉన్నవి ఇదీ, లాస్ట్ క్లిక్కూ. రెండిట్లో నేనైతే డేటా డ్రివెన్‌నే ఎంచుకుంటాను, కానీ దాన్నీ పూర్తిగా నమ్మను. దారిలో నమోదు కానిదానికి ఏ మోడలూ వాటా ఇవ్వలేదు. డిస్‌ప్లే ప్రకటనను నొక్కకుండా చూసి తర్వాత కొన్నవాళ్లు వ్యూ త్రూ అనే వేరే కాలమ్‌లో ఉండిపోతారు. పైగా 2021లో ఆపిల్ యాప్ ట్రాకింగ్‌కు అనుమతి తప్పనిసరి చేశాక కనిపించని దారులు ఇంకా పెరిగాయి.

ఆ లోటు తీరాలంటే ప్రయోగం చేయాలి. అమ్మకాలు ఒకేలా సాగే రెండు ప్రాంతాల గుంపులు తీసుకుని ఒకదాంట్లో వీడియో ఆపాలి. జనం చూసి కొనేదాకా పట్టే సమయం కంటే ఎక్కువ రోజులు ఆగి, అన్ని దారుల ఆర్డర్లూ కలిపి చూడాలి. రెండు చోట్లా వారానికి 1,000 ఉండేవి, ఆపినచోట 920కి పడిపోయి మరోచోట అలాగే ఉన్నాయనుకుందాం. తగ్గినవి 80. లాస్ట్ క్లిక్ రిపోర్టు వీడియోకు ఇచ్చింది 10 మాత్రమే అయితే, మిగతా 70 ఇన్నాళ్లూ సెర్చ్ లాంటి వాటి ఖాతాలో పడ్డాయన్నమాట. ఒక్కో ఆర్డరుకు ఎంత పడిందో తేల్చాలంటే ఆ ప్రాంతాల వారపు వీడియో ఖర్చును భాగించాల్సింది 10తో కాదు, 80తో.