బేస్ ప్లేటు కింద గ్రౌట్ లెక్క: అపోహలు - వాస్తవాలు

అపోహ: ప్లేటు వైశాల్యాన్ని గ్యాప్ మందంతో గుణిస్తే గ్రౌట్ పరిమాణం వచ్చేస్తుంది.

వాస్తవం: కాలమ్ అడుగున ఉండే స్టీలు బేస్ ప్లేటుకు, దాని కింది కాంక్రీటు దిమ్మె అయిన పెడెస్టల్‌కు మధ్య గ్యాప్‌ను నింపే సిమెంటు మిశ్రమమే గ్రౌట్. అలా గుణిస్తే వచ్చేది ప్లేటుకు సరిగ్గా కింద పట్టే గ్రౌట్ మాత్రమే. 450 × 600 మి.మీ. ప్లేటు, డ్రాయింగులో 40 మి.మీ. గ్యాప్ అనుకుందాం. 0.45 × 0.60 × 0.04 = 0.0108 ఘనపు మీటర్లు, అంటే 10.8 లీటర్లు. 25 కిలోల బస్తా కలిపితే సుమారు 12.5 లీటర్లు వస్తుంది కాబట్టి ఒక బస్తా చాలనిపిస్తుంది. కానీ చాలదు.

ముందుగా గ్యాప్. పెడెస్టల్ పైభాగం చిప్పింగ్ చేశాక 40 అలాగే ఉండదు. నాలుగు మూలలా కొలిస్తే 42, 46, 50, 54 వచ్చాయనుకోండి, సగటు 48. డ్రాయింగు అంకె పక్కన పెట్టి ఇదే వాడాలి.

తర్వాత షట్టరింగ్. గ్రౌట్‌ను పొడవైన వైపు నుంచి పోస్తే అది అడ్డంగా 450 మి.మీ. పారితే చాలు. అందుకే పోసే వైపు 100, మిగతా మూడు వైపులా 50 మి.మీ. ఖాళీ వదులుతాం. షట్టరింగ్ లోపలి కొలత 700 × 600 అవుతుంది. 0.42 × 0.048 అంటే 20.2 లీటర్లు. ప్లేటు చుట్టూ గ్రౌట్ ప్లేటు అడుగు కంటే 10 మి.మీ. పైకి నిలవాలి, లేకపోతే అడుగున గాలి మిగిలిపోతుంది. ఆ అంచుకు మరో 1.5 లీటర్లు.

బోల్టు చుట్టూ కాంక్రీటులో పైపుతో వదిలే ఖాళీలను, అంటే బోల్టు స్లీవ్‌లనే ఎక్కువమంది మర్చిపోతారు. 100 మి.మీ. పైపు, 30 మి.మీ. బోల్టు, 300 మి.మీ. లోతు అయితే ఒక్కోటి 2.1 లీటర్లకు పైనే తాగుతుంది, నాలుగింటికి 8.6. మొత్తం 30.3, వృథాకు 10 శాతం కలిపితే 33.3 లీటర్లు. అంటే మూడు బస్తాలు! బోల్టులు నేరుగా కాంక్రీటులో పోసినవైతే రెండు సరిపోతాయి. ప్లేటును లెవెల్‌లో నిలబెట్టడానికి కింద పెట్టే స్టీలు ముక్కల, అంటే షిమ్ ప్యాక్‌ల పరిమాణం తీసివేయనక్కర్లేదు.

అపోహ: 25 కిలోల బస్తా అంటే 25 లీటర్లు.

వాస్తవం: తడి గ్రౌట్ లీటరు 2.2 కిలోలకు పైనే తూగుతుంది. సరైన దిగుబడి ఆ ఉత్పత్తి డేటా షీట్‌లో, ఏ పలుచదనానికి ఎన్ని లీటర్ల నీళ్లో దాంతో పాటే ఉంటుంది.

అపోహ: కాస్త తగ్గితే నీళ్లు పోసి సరిపెట్టొచ్చు, ఎలాగూ నాన్-ష్రింక్ కదా.

వాస్తవం: కుంచించుకుపోదన్న హామీ డేటా షీట్ చెప్పిన నీళ్ల వరకే. ఎక్కువైన నీరు పైకి తేలి ప్లేటు అడుగున చేరుతుంది. అది ఆరిపోయాక అక్కడ పలుచని ఖాళీ మిగులుతుంది, బలమూ పడిపోతుంది. కాలమ్ బరువు అప్పుడు షిమ్‌ల మీదే ఆగుతుంది. మధ్యలో సరుకు అయిపోయి, ఇంకో బస్తా తెచ్చేలోపు మొదటిది బిగుసుకుపోయినా అంతే: జాయింటు పడుతుంది, గాలి ఇరుక్కుంటుంది. గట్టిపడ్డాక ప్లేటును చిన్న సుత్తితో వరసగా తడుతూ రండి. నిండిన చోట గట్టి శబ్దం, ఖాళీ ఉన్న చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్ల పలికిన చోటును చాక్‌తో గుర్తు పెట్టి ఇంజినీరుకు చూపించాలి. అందుకే లెక్క ప్రకారం కావలసిన బస్తాలన్నీ, అదనంగా మరొకటి, పెడెస్టల్ పక్కన పేర్చాకే మొదటి బస్తా విప్పాలి.