పట్టిక కావాలన్న మాటకు, తెర తెలియదన్న సూచనకు మధ్య

ఏఐ సహాయకుడి జవాబు ఏ తెర మీద కనబడుతుందో తెలియదు కాబట్టి పట్టికలు, బొద్దు అక్షరాలు చూపడానికి పాఠంలో పెట్టే మార్క్‌డౌన్ గుర్తులు వాడవద్దని యాప్ తయారుచేసిన డెవలపర్ సూచన చెబుతుంది. అదే సంభాషణలో వాడుకరి పట్టిక ఇమ్మని స్పష్టంగా అడుగుతాడు. ఎవరి మాట నెగ్గాలన్న వాదన మళ్లీ మొదలైంది.

ఈ చిక్కుకు అసలు మలుపు 2024 డిసెంబరులో వచ్చిందని నా అభిప్రాయం. ఆ నెలలో వచ్చిన ఓ1 మోడల్ కూర్పు నుంచి, ఏపీఐ ద్వారా, అంటే వేరే యాప్‌లు నేరుగా కలుపుకునే దారిలో వాడే తన రీజనింగ్ మోడళ్లు మార్క్‌డౌన్‌ను మామూలుగా వాడవని ఓపెన్‌ఏఐ ప్రకటించింది. కావాలనుకునేవారు డెవలపర్ సందేశం మొదటి వరుసలో ఈ మాట పెట్టాలని చెప్పింది:

```
Formatting re-enabled
```

చాట్ పేజీలో పట్టికగా కనబడేదే ఏపీఐ ద్వారా వేరొకరి యాప్‌లోకి, ఎస్ఎంఎస్‌లోకి వెళ్తే గీతలుగా, నక్షత్రం గుర్తులుగా మిగిలిపోతుంది. అందుకే ఆ జాగ్రత్త సబబే. కానీ అక్కడ తాళంచెవి డెవలపర్ చేతికే ఇచ్చారు, జవాబు చదివే మనిషి అడిగితే ఏం చేయాలో ఆ వరుస చెప్పదు.

సూచనే నెగ్గాలనేవారు అదే ఏడాది ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ పరిశోధకులు ప్రచురించిన సూచనల అంతస్తుల పత్రాన్ని చూపుతారు. అందులో డెవలపర్ మాట వాడుకరి మాటకు పైన ఉంటుంది. అయితే ఆ అంతస్తులు కట్టింది, కింది నుంచి వచ్చే మాట పైవారి ఉద్దేశాన్ని తారుమారు చేయకుండా ఆపడానికి. పట్టిక అడగడం డెవలపర్ ఉద్దేశానికి అడ్డుపడే పని కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. మూడు మొబైల్ ప్లాన్ల ధర, గడువు పక్కపక్కన చూడాలని ఒకరు పట్టిక అడిగారు. సహాయకుడు ఇస్తే, మార్క్‌డౌన్ చదవలేని తెర మీద దాని మొదటి వరుసలు ఇలా కనబడతాయి:

```
| ప్లాన్ | ధర | గడువు |
|---|---|---|
| **ఒకటి** | 199 | 28 రోజులు |
```

చూడటానికి బాగా లేకపోయినా అడిగిన విషయం చేతికందింది. అర్థం కాకపోతే ఆ మనిషే చెబుతాడు, అప్పుడు ఒక్కో ప్లాన్‌ను ఒక్కో వరుసలో రాసి ఇవ్వవచ్చు. ముందే నిరాకరిస్తే, పట్టిక చక్కగా కనబడే తెర ముందు కూర్చున్నవారికీ అది దక్కదు. పైగా డెవలపర్, సహాయకుడు, వాడుకరి ఈ ముగ్గురిలో ఆ తెర ఏమిటో తెలిసినది వాడుకరికే. పట్టిక అడిగాడంటే అది చూపగల తెర అతని ముందు ఉండవచ్చనడానికి ఆ అడగడమే ఆధారం. "తెలియదు" అనే సూచన నిషేధం కాదు, ఆధారం లేనప్పుడు పాటించాల్సిన పద్ధతి మాత్రమే.

గుర్తులు లేకుండా మామూలు వాక్యాల్లో రాయమని వాడుకరి అడిగితే అసలు గొడవే లేదు, సాదా పాఠ్యం ఏ తెర మీదైనా నిలుస్తుంది.

సూచన "తెలియదు" అనకుండా "ఈ విడ్జెట్ మార్క్‌డౌన్‌ను చూపలేదు" అని తేల్చి చెబితే మాత్రం సంగతి వేరు. అది తెలిసిన హద్దు. అప్పుడు పట్టిక ఇక్కడ సరిగా కనబడదని ఒక వాక్యంలో చెప్పి, అవే ధరలు, గడువులు వరుసల్లో ఇవ్వాలి. జవాబును గొంతుతో చదివి వినిపించే యాప్‌కూ ఇదే వర్తిస్తుంది, నిలువు గీతలను చెవి పట్టికగా అర్థం చేసుకోలేదు. ఇప్పుడు వాదిస్తున్నవారిలో చాలామంది ఈ రెండు రకాల సూచనలను ఒక్కటిగా చూస్తున్నారు.