చీర మీద సింగిడి గీతలొస్తే సెన్సర్ పోయినట్టేనా? కెమెరా రంగుల మీద అపోహలు - వాస్తవాలు

పండుగలు దగ్గర పడుతుంటే మహబూబ్‌నగర్‌లోని మా రిపేరు షాపుకి ఒకటే రకం కేసులు వస్తుంటాయి. నారాయణపేట, గద్వాల వైపు నుంచి చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే పిల్లలు కెమెరా పట్టుకొని వస్తారు. ముఖంలో టెన్షన్. "అన్నా, చీర మీద సింగిడి లెక్క గీతలు వస్తున్నయి. సెన్సర్ పోయిందట, మార్చాలంటున్నరు." ఎవరన్నారు అని అడిగితే ఎవరో షాపతను, లేదా ఏదో గ్రూపులో ఒకాయన. సెన్సర్ మార్చడానికి చెప్పిన రేటు వింటే, ఆ డబ్బుకు ఇంకో సెకండ్ హ్యాండ్ కెమెరా వస్తుంది.

అందుకే ముందు దాని సంగతి చూద్దాం. మిగతా అపోహలు ఆ తర్వాత.

అపోహ: బట్ట మీద లేని రంగులు ఫోటోలో కనిపిస్తే సెన్సర్ చెడిపోయినట్టే.

కాదు. చాలాసార్లు సెన్సర్ తన పని తాను సరిగ్గా చేస్తున్నందుకే ఆ గీతలు వస్తాయి.

సెన్సర్‌కు రంగు తెలియదు. ఒక్కో పిక్సెల్ తన మీద పడ్డ వెలుతురు ఎంతో మాత్రమే కొలుస్తుంది. రంగు తెలియాలని ప్రతి పిక్సెల్ మీద ఒక చిన్న ఫిల్టర్ పెడతారు. ఒకదాని మీద ఎరుపు, పక్కదాని మీద ఆకుపచ్చ, కింది వరుసలో ఆకుపచ్చ, నీలం. ఈ నాలుగు పిక్సెల్స్ గడి సెన్సర్ అంతా మళ్లీ మళ్లీ వస్తుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ ఈ అమరికకు 1975లో పేటెంటు దరఖాస్తు పెట్టాడు, మరుసటి ఏడాది అది మంజూరైంది. ఇవాళ్టికీ ఎక్కువ కెమెరాల్లో ఉన్నది అదే. ఆకుపచ్చ రెండు ఎందుకంటే, సన్నని వివరాలను మన కన్ను ఎక్కువగా పట్టుకునేది ఆ రంగు వెలుతురులోనే.

కాబట్టి 24 మెగాపిక్సెల్ కెమెరా అంటే 2.4 కోట్ల పూర్తి రంగుల చుక్కలు కాదు. సుమారు 1.2 కోట్ల ఆకుపచ్చ కొలతలు, 60 లక్షల ఎరుపు, 60 లక్షల నీలం. ఎర్ర ఫిల్టర్ కింద ఉన్న పిక్సెల్‌కు అక్కడ ఆకుపచ్చ ఎంతో, నీలం ఎంతో తెలియదు. ఆ రెండూ చుట్టుపక్కల పిక్సెల్స్‌ను చూసి లెక్కగట్టి నింపుతారు. దీన్నే డీమొజాయికింగ్ అంటారు. కెమెరా JPEG తయారు చేసేటప్పుడు ఈ పని లోపలే అయిపోతుంది. సెన్సర్ కొలతలను ఉన్నవున్నట్టు దాచే RAW ఫైలు అయితే కంప్యూటర్‌లో అవుతుంది.

గోడ, ముఖం, ఆకాశం లాంటి వాటి దగ్గర ఈ అంచనా చక్కగా కుదురుతుంది. పక్కపక్క పిక్సెల్స్ మీద పడే వెలుతురులో పెద్ద తేడా ఉండదు కదా. చిక్కంతా సన్నని గళ్ల దగ్గర, సన్నని చారల దగ్గర. నారాయణపేట చీరలంటేనే గళ్లు.

ఆ మధ్య వచ్చిన ఒక తమ్ముడి కేసు చెప్తాను. నికాన్ D7100 తెచ్చాడు. 24 మెగాపిక్సెల్స్, ఫోటో అడ్డంగా 6000 పిక్సెల్స్. చీర నలుపు తెలుపు సన్నచారలది, అంచు మాత్రం కుంకుమరంగు. ఫోటోలో నలుపు తెలుపు ఉండాల్సిన చోట ఎర్రటి పట్టీ, నీలంపట్టీ, మళ్లీ ఎర్రటిది, చీర పొడవునా. కుచ్చిళ్ల దగ్గర ఆ పట్టీలు వంకర్లు తిరిగాయి. ఫోటో చూసి కొన్న ఒకావిడ "రంగు దిగిన చీర నాకొద్దు" అని మెసేజ్ పెట్టిందట. పాపం, నేసినాయనను అడిగితే ఆయనకు కోపం వచ్చింది. తప్పు చీరదీ కాదు, కెమెరాదీ కాదు.

చీరను టేబుల్ మీద పరిచి స్కేలు పెట్టి చూశాం. ఒక తెల్ల చార, ఒక నల్ల చార కలిపి 0.6 మిల్లీమీటర్లు. ఇప్పుడు లెక్క చూడండి. అతను తీసిన ఫ్రేములో అడ్డంగా మీటరున్నర పట్టింది. అంటే మిల్లీమీటరు బట్టకు 4 పిక్సెల్స్. కానీ ఎర్ర ఫిల్టర్లు ఒకటి విడిచి ఒకటి ఉంటాయి కాబట్టి మిల్లీమీటరుకు ఎర్ర కొలతలు 2 మాత్రమే. నీలానివీ అంతే. ఒక చారల జతను నమ్మకంగా పట్టుకోవాలంటే కనీసం రెండు కొలతలు కావాలి. అంటే ఎరుపు, నీలం పిక్సెల్స్ మిల్లీమీటరుకు ఒక జత వరకే పట్టగలవు. ఈ చీరలో మిల్లీమీటరుకు దాదాపు 1.67 జతలున్నాయి.

పట్టలేనప్పుడు సెన్సర్ ఖాళీగా వదిలేయదు, తప్పు గీతలు చూపిస్తుంది. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి వేస్తే రెండింటిలోనూ లేని పెద్ద పెద్ద అలలు కనిపిస్తాయి చూశారా, ఇదీ అంతే. 2 లోంచి 1.67 తీసేస్తే మిగిలేది 0.33. అంటే మూడు మిల్లీమీటర్లకు ఒకసారి వచ్చే దొంగ గీత. ఎర్ర ఫిల్టర్లు ఒక నిలువు వరుసలో, నీలం ఫిల్టర్లు పక్క వరుసలో ఉంటాయి కాబట్టి, ఎరుపు పిక్సెల్స్ తెల్ల చారల మీద పడ్డ చోట నీలానివి నల్ల చారల మీద పడతాయి. అక్కడ ఎర్రగా కనిపిస్తుంది. ఒకటిన్నర మిల్లీమీటర్లు జరిగితే పరిస్థితి తిరగబడి నీలంగా కనిపిస్తుంది. స్క్రీన్ మీద జూమ్ చేసి కొలిస్తే పట్టీలు అచ్చం అలాగే ఉన్నాయి. ఈ రంగుల మోసాన్నే ఫోటోగ్రాఫర్లు మోరే అంటారు.

తర్వాత అదే కెమెరా, అదే లెన్స్, అదే చీర. ఫ్రేములో ముప్పావు మీటరు మాత్రమే పట్టేలా దగ్గరికి జరిగి తీశాం. ఇప్పుడు మిల్లీమీటరుకు 8 పిక్సెల్స్, అందులో ఎరుపు 4. రెండు జతల వరకు పట్టగలవు, చీరలో ఉన్నది 1.67. పట్టీలు మాయం. అంచులో కుంకుమరంగు కూడా శుభ్రంగా వచ్చింది. తమ్ముడు రెండు ఫోటోలూ మార్చి మార్చి చూసి, "అయితే మార్చుడు అక్కర్లేదా అన్నా?" అని మళ్లీ అడిగాడు. అంత భయపెట్టి పంపించారు అతన్ని.

నిజంగానే సెన్సర్ చెడిందేమో తెలుసుకోవాలంటే పైసా ఖర్చు లేదు. అదే చీరను ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కు జరిగి తీయండి. కెమెరాను కొంచెం వంచి ఇంకోటి తీయండి. గీతల వెడల్పు, వంపు మారిందా, మోరేనే. తర్వాత ఫోకస్ తప్పించి ఖాళీ తెల్లగోడను తీయండి. అక్కడ కూడా గీతలుంటే, ప్రతి ఫోటోలో అదే చోట ఉంటే, అప్పుడు సెన్సర్‌ను గానీ దాని బోర్డును గానీ అనుమానించాలి. ఇంకో మాట, కెమెరా వెనక స్క్రీన్ మీద చిన్నగా చూసి బెంబేలెత్తకండి. ఫోటోను కుదించి చూపించేటప్పుడు స్క్రీనే ఇలాంటి అలలు పుట్టించగలదు. 100 శాతం జూమ్‌లో చూసి అప్పుడు మాట్లాడండి.

కొన్ని కెమెరాల్లో ఇది ఎక్కువ ఎందుకంటే, పాత మోడళ్లలో సెన్సర్ ముందు లో పాస్ ఫిల్టర్ అనే పలక ఉండేది. అది ప్రతి కిరణాన్ని కొద్దిగా విడగొట్టి పక్క పిక్సెల్స్ మీద కూడా పడేలా చేస్తుంది. ఫోటో ఒక్క పిసరు మెత్తబడుతుంది, మోరే తగ్గుతుంది. షార్ప్‌నెస్ కోసం చాలా కొత్త మోడళ్లలో దాన్ని తీసేశారు. D7100 కూడా అలాంటిదే. షార్ప్ కావాలని అందరం అడిగాం, ఇచ్చారు.

దగ్గరికి జరిగే వీలు లేకపోతే? చీర మొత్తం కనపడాలి కదా. అప్పుడు అపర్చర్‌ను f/16 చేయండి. రంధ్రం అంత చిన్నదైతే వెలుతురు తనంతట తానే చెదిరి సన్నని చారలు కలిసిపోతాయి. ఈ చీర విషయంలో f/8 దగ్గర పట్టీలు ఇంకా ఉన్నాయి, f/16కు పోయాయి. నేత వివరం కూడా పోతుంది మరి. అందుకే మొత్తం చీరకు f/16లో ఒకటి, నేత కనపడేలా దగ్గర నుంచి ఇంకోటి పెట్టుకోమని చెప్తాను. స్టాండు తప్పనిసరి, లైటు ఎక్కువ కావాలి.

అపోహ: RAWలో తీస్తే రాదు, వచ్చినా ఎడిటింగ్‌లో పోతుంది.

తప్పు నమోదయ్యేది సెన్సర్ మీదే. RAW అయినా JPEG అయినా అక్కడ ఒకటే. లైట్‌రూమ్‌లో మోరే బ్రష్ ఉంది, ఆ పట్టీల రంగును అణచివేస్తుంది. నలుపు తెలుపు చీరకు పనికొస్తుంది. ఎర్ర గళ్ల మీద రుద్దితే దొంగ రంగుతో పాటు అసలు రంగు కూడా వెలుస్తుంది. చీర అమ్మేవాళ్లకు అది ఇంకో తలనొప్పి.

అపోహ: ఫోన్‌లో 50 మెగాపిక్సెల్స్ ఉన్నాయి, ఈ గొడవ ఉండదు.

ఉంటుంది. అలాంటి చాలా ఫోన్లలో నాలుగు పక్కపక్క పిక్సెల్స్‌కు కలిపి ఒకే రంగు ఫిల్టర్ ఉంటుంది. రంగు విషయంలో గడి పెద్దదే.

అపోహ: RAW ఫైలు ఏదో సాఫ్ట్‌వేర్‌లో పచ్చగా తెరుచుకుంది, కలర్ ఫిల్టర్ పాడైంది.

ఆకుపచ్చ పిక్సెల్సే సగం, పైగా వైట్ బ్యాలెన్స్ ఇంకా వేయలేదు. పచ్చగా కాక ఎలా కనిపిస్తుంది?

అపోహ: చీకట్లో తీస్తే ఎర్ర చుక్క, నీలం చుక్క వస్తున్నాయి, లెన్స్‌లో దుమ్ము.

దుమ్ము రంగులో ఉండదు. అది హాట్ పిక్సెల్. వెలుతురు లేకపోయినా ఉందని చెప్తుంది. దాని మీద ఏ ఫిల్టర్ ఉంటే ఆ రంగు చుక్క కనిపిస్తుంది, ఎప్పుడూ అదే చోట. చాలా కెమెరాల్లో సెన్సర్ క్లీనింగ్ మెనూతోనో, సర్వీసులో పిక్సెల్ మ్యాపింగ్‌తోనో సర్దుకుంటుంది.

అపోహ: సెన్సర్ తుడిస్తే రంగులు చెరిగిపోతాయి.

స్వాబ్ తగిలేది పైన ఉన్న గాజుకు. రంగు ఫిల్టర్లు దాని కింద, సూక్ష్మ లెన్సులకూ అడుగున ఉంటాయి. గాజు మీద గీత పడితే పడుతుంది, కాబట్టి చొక్కా అంచుతో మాత్రం తుడవకండి.