కరెంటు పోతే జారిపోయే స్క్రూ

మా షెడ్డులో చెక్క చెక్కే చిన్న రూటర్‌కు, టూల్‌ను తిప్పే స్పిండిల్‌ను ఎత్తి దించే పాత లీడ్ స్క్రూ తీసేసి బాల్ స్క్రూ వేశాను. వారం తిరక్కుండానే, పని మధ్యలో కరెంటు పోయింది. స్పిండిల్ నెమ్మదిగా కిందికి జారి, టూల్ చెక్కలో దిగబడింది. పాత స్క్రూతో ఇలా ఎన్నడూ జరగలేదు.

స్క్రూ మీది మరను విప్పి పరిస్తే అదొక ఏటవాలు బాట. మోటారు స్క్రూను తిప్పుతుంటే, తిరగకుండా పట్టి ఉంచిన నట్టు ఆ బాట వెంట ఎక్కుతుంది. ఒక చుట్టుకు అది జరిగే దూరమే లీడ్. నా పాత స్క్రూలో మర సగటు చుట్టుకొలత 22 మి.మీ., లీడ్ 2 మి.మీ.; వాలు సుమారు 5 డిగ్రీలు. బాల్ స్క్రూది 50 మి.మీ.కు 5 మి.మీ.; వాలు 6 డిగ్రీల లోపే. అంటే వాలులో పెద్ద తేడా లేదు. తేడా అంతా రాపిడిలో ఉంది. ఒకదానిలో ఇత్తడి నట్టు ఉక్కు మీద రాసుకుంటూ జారుతుంది, రెండోదానిలో మధ్యన ఉక్కు గుళ్లు దొర్లుతాయి.

ఇప్పుడు లెక్క. ఒక చుట్టులో మోటారు చేసే పనిలో రాపిడి తినగా మిగిలిందే బరువును ఎత్తుతుంది.

T = F × l / (2π × η)

T టార్క్, F తోపుడు బలం, l మీటర్లలో లీడ్, η సామర్థ్యం. స్పిండిల్, దాన్ని బిగించిన పలక కలిపి 10 కిలోలు, అంటే దాదాపు 100 న్యూటన్లు. రాపిడి గుణకం 0.2 అనుకుంటే లీడ్ స్క్రూ సామర్థ్యం 0.3 దగ్గర తేలుతుంది, ఎత్తడానికి 0.106 న్యూటన్ మీటర్లు కావాలి. బాల్ స్క్రూకు 0.9, లీడ్ రెండున్నర రెట్లున్నా 0.088 చాలు. వేగంగా ఎత్తాలంటే త్వరణానికి పట్టే బలాన్ని కూడా F లో కలపాలి. స్టెప్పర్ మోటారు టార్క్ వేగం పెరిగేకొద్దీ పడిపోతుంది కాబట్టి, నిలిచి ఉన్నప్పటి అంకె చూసి మోటారు కొంటే మోసపోతాం.

సామర్థ్యం సగం కన్నా తక్కువైతే, మోసే బరువు ఎంత తోసినా స్క్రూ వెనక్కి తిరగదు. కారు జాకీ అలాగే నిలబడుతుంది. బాల్ స్క్రూలో మాత్రం అదే 100 న్యూటన్లు మోటారును సుమారు 0.07 న్యూటన్ మీటర్లతో వెనక్కి తిప్పుతాయి. కరెంటు లేనప్పుడు నా మోటారుకు మిగిలే పట్టు కాటలాగు ప్రకారం 0.04. ఇక జారక ఏం చేస్తుంది!

కరెంటు పోగానే స్ప్రింగు పట్టేసే బ్రేకు మోటారు వెనక బిగించాను, 0.07 కు రెండింతలకు పైగా పట్టు ఉన్నది చూసి. బిగించాక స్పిండిల్ కింద చెక్క దిమ్మె పెట్టి, స్విచ్ ఆపి చూశాను. కదల్లేదు.