పది డీపీ, రెండున్నర మాడ్యూల్: ఒక గేరు పన్ను వెనుక చరిత్ర

బాలానగర్‌లోని ఒక వర్క్‌షాపులో పాత ఇంగ్లిష్ లేత్‌కు 40 పళ్ళ గేరు విరిగిపోతే, దాని పన్ను పరిమాణం 2.5 మాడ్యూల్ అని భావించి కొత్తది కోయించి బిగించారు. చేతితో తిప్పినప్పుడు కలిసినట్టే ఉన్న ఆ జత, మోటారు వేయగానే మూలిగింది; పళ్ళ కొసల దగ్గర సన్నని మెరుపు గీత పడింది. ఈ పొరపాటు మూలం రెండు వందల ఏళ్ళ చరిత్రలో ఉంది.

డ్రమ్ముకు చుట్టిన దారాన్ని బిగువుగా విప్పుతుంటే దాని కొస గీసే వంపును ఇన్వొల్యూట్ అంటారు. ఆ డ్రమ్మే ఆధార వృత్తం. ఈ వంపును గేరు పళ్ళకు 18వ శతాబ్దంలో ఆయిలర్ సూచించాడు. ఇరుసుల మధ్య దూరం కాస్త మారినా తిరిగే నిష్పత్తి మారకపోవడం దీని గొప్ప గుణం. 19వ శతాబ్దంలో ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ విల్లిస్, పళ్ళు ఒకదాన్నొకటి నెట్టే దిశ వాలును చెప్పే పీడన కోణానికి 14½ డిగ్రీల విలువను ప్రచారంలోకి తెచ్చాడు. ఆ కోణపు సైన్ విలువ దాదాపు పావు కావడం వల్ల పనివాళ్ళకు గీయడం తేలికైంది. అయితే ఆ కోణంలో 32 కంటే తక్కువ పళ్ళున్న చిన్న గేరును కోస్తే కట్టరు పన్ను మొదలును తొలిచేస్తుంది. 20 డిగ్రీలకు ఆ హద్దు 17 దాకా దిగుతుంది, మొదలు కూడా మందంగా ఉంటుంది. అందుకే తరువాత అదే వాడుకలో స్థిరపడింది.

కొలతలోనూ రెండు దారులున్నాయి. అంగుళాల దేశాలు, రెండు గేర్ల పళ్ళు కలిసే ఊహా వృత్తపు వ్యాసమైన పిచ్ వ్యాసంలో ఒక్కో అంగుళానికి ఎన్ని పళ్ళో లెక్కపెట్టి డయామెట్రల్ పిచ్, పొట్టిగా డీపీ, అన్నాయి. మిల్లీమీటర్ల దేశాలు ఆ వ్యాసాన్ని పళ్ళ సంఖ్యతో భాగించి మాడ్యూల్ అన్నాయి. 10 డీపీ అంటే 2.54 మాడ్యూల్. మన దేశం 1956 చట్టంతో మెట్రిక్‌కు మారినా, పాత యంత్రాలు తమ అంగుళాలతోనే నిలిచాయి.

ఒక పన్ను జత విడిపోకముందే తరువాతి జత సరైన చోట అందుకోవాలంటే, ఆధార వృత్తం మీద పన్నుకూ పన్నుకూ మధ్య దూరం రెండు గేర్లలోనూ ఒకటే కావాలి. ఆ దూరం π × m × cos α; ఇందులో m మాడ్యూల్, α పీడన కోణం. పీడన కోణం ఒకటే అయినప్పుడు మాడ్యూల్ కూడా ఒకటే ఉండాలన్న నియమం ఇక్కడి నుంచే వచ్చింది. 14½ డిగ్రీల పాత గేరుకు ఆ దూరం 7.73 మి.మీ., 20 డిగ్రీలతో కోసిన కొత్తదానికి 7.38. ప్రతి పన్నుకూ వచ్చే 0.35 మి.మీ. తేడాను ఇరుసులు ఎంత జరిపినా సరిదిద్దలేము, ఎందుకంటే ఈ సూత్రంలో ఇరుసుల దూరం అసలు లేదు.

ముందే పట్టుకునే వీలు ఉండింది. బయటి వ్యాసం 106.68 మి.మీ.ను పళ్ళకు రెండు కలిపి, అంటే 42తో, భాగిస్తే 2.54 వస్తుంది. కోణం తెలియాలంటే వెర్నియర్ దవడలతో నాలుగు పళ్ళను, ఆ తరువాత ఐదు పళ్ళను పట్టి కొలవాలి. ఆ రెండు కొలతల తేడాయే ఆధార వృత్తం మీది ఆ దూరం; దాన్ని పై సూత్రంలో పెడితే కోణం తెలుస్తుంది. పళ్ళు సమానంగా అరిగి ఉంటే అరుగుదల రెంటిలోనూ ఒకేలా ఉండి, తీసివేతలో పోతుంది. విరిగిన గేరులో మిగిలిన మంచి పళ్ళ మీద అలా కొలిస్తే 7.7 చిల్లర వచ్చింది. చివరకు 10 డీపీ, 14½ డిగ్రీల మూడో నంబరు కట్టరుతో మళ్ళీ కోయించారు.